దిద్దిన లెక్కలో ఎగిరిపోయిన సున్న

అమ్మా, మీ బాబు నోట్‌బుక్‌లో 1836 ÷ 6 లెక్కకు నేను తప్పు పెట్టాను. దస్తూరి చక్కగా ఉంది, గుణకారాలూ తీసివేతలూ అన్నీ సరైనవే, చివర శేషం కూడా 0 వచ్చింది. అయినా జవాబు 36 కాదు, 306.

వాడు 18లో 6 మూడుసార్లు అని 3 వేశాడు. తర్వాత 3ని కిందకి దించాడు. 3లో 6 పోదు కదా, అందుకని పక్కనున్న 6ని కూడా దించేసి 36 చేశాడు. ఆరు ఆర్లు 36, శేషం లేదు. ఇక్కడే పొరపాటు. 3లో 6 పోనప్పుడు భాగఫలంలో 0 వేసి, ఆ తర్వాతే ఇంకో అంకె దించాలి. మనం భాగఫలాన్ని కుడిపక్క బ్రాకెట్ అవతల రాస్తాం కాబట్టి, మధ్యలో సున్న ఎగిరిపోయినా ఖాళీ కనపడదు. శేషం 0 వచ్చేసరికి పిల్లలు లెక్క అయిపోయిందనుకుంటారు.

ఇంట్లో ఇలా చేయించండి. మొదట 18 తీసుకున్నాక ఇంకా రెండు అంకెలు మిగిలాయి. అంటే జవాబులో మొత్తం మూడు అంకెలుండాలి. లెక్క మొదలుపెట్టకముందే భాగఫలం చోట పెన్సిల్‌తో మూడు చుక్కలు పెట్టమనండి. అంకె దించిన ప్రతిసారీ ఒక చుక్క నిండాలి, సున్నతోనైనా సరే.

ఎక్కాల్లో తప్పు చేస్తే చుక్కలు పట్టుకోలేవు. దానికి భాగఫలాన్ని 6తో గుణించి చూడాల్సిందే. 36 × 6 అంటే 216 మాత్రమే, 1836కి దరిదాపుల్లో కూడా లేదు.

రేపటికి 4020 ÷ 4 ఇచ్చాను. అందులో సున్నలు రెండుచోట్ల వస్తాయి, వాడికి ముందే చెప్పకండి.