పాల లెక్క కుదరడం లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కిందటి అక్టోబరు ఆఖర్న మా పాలాయన 2,436 రూపాయలు అన్నాడు. నా లెక్కలో 2,080 వచ్చింది. తేడా 356. రోజుకు లీటరు గేదె పాలు మాకు వాడిక. లీటరు 80 ఉండేది, 16వ తేదీ నుంచి 84 చేశాడు. గుమ్మంలో పావుగంట వాదించుకున్నాం, ఏమీ తేలలేదు. ఇద్దరం మొత్తం గురించే మాట్లాడుతున్నాం మరి.

ముందు తేడాను లీటరు ధరతో భాగించండి

శేషం లేకుండా పోతే గొడవ రోజుల దగ్గరో, అదనపు పాల దగ్గరో ఉంటుంది. శేషం మిగిలితే ధర మారి ఉంటుంది, లేదా పాత బాకీ కలిసి ఉంటుంది. 356ని 80తో భాగించినా, 84తో భాగించినా శేషం మిగులుతోంది. అంటే మా లెక్కలో ధర కూడా ఇరుక్కుంది. అప్పుడు రూపాయలు పక్కనపెట్టి లీటర్లు అడిగాను. ఆయన 29 అన్నాడు, నాకు 26 వచ్చాయి.

ఊరెళ్లిన రోజులు

ఎక్కువ ఇళ్లలో తేడా ఇక్కడే వస్తుంది. "10 నుంచి 14 దాకా ఊళ్లో లేం" అని నేను 5 రోజులు తీసేశాను. కానీ 10న మేం బస్సెక్కింది తొమ్మిదింటికి, ఆరింటికే పాలు పోయించుకున్నాం. ఆయన తీసేసిన 4 రోజులే సరైనవి. ఊరెళ్లేటప్పుడు ప్రయాణం తేదీలు చెబితే ఇలాగే అవుతుంది, పాల తేదీలు చెప్పాలి: "11 పొద్దున వద్దు, మళ్లీ 15 పొద్దున వేయండి." రెండు పూటలా పోయించుకునేవాళ్లు ఏ పూటో కూడా చెప్పాలి.

నాగాలు, అదనపు పాలు

22న ఆయన రాలేదు. మేం ప్యాకెట్ కొనుక్కున్నాం కాబట్టి మాకు గుర్తుంది, ఆయనకు లేదు. 18న, 26న చుట్టాలొచ్చి లీటరు చొప్పున ఎక్కువ పోయించుకున్నాం. ఆయనకు రెండూ గుర్తున్నాయి, నాకు 18వ తేదీదే గుర్తుంది. ఎవరికి నష్టమో వాళ్లకే గుర్తుంటుంది, ఇందులో మోసం వెతకక్కర్లేదు.

ధర

ఆయన నెలంతటికీ 84 వేశాడు, నేను నెలంతటికీ 80 వేశాను. ధర మారిన నెలను రెండు ముక్కలుగా లెక్కకట్టాలి. 1 నుంచి 15 దాకా 15 రోజుల్లో 4 పోతే 11 లీటర్లు, 80 చొప్పున 880. 16 నుంచి 31 దాకా 16 రోజులు, ఒక నాగా తీసి రెండు లీటర్లు కలిపితే 17, 84 చొప్పున 1,428. మొత్తం 2,308. ఆయన 128 ఎక్కువ వేశాడు, నేను 228 తక్కువ వేశాను. పావుగంట అరిచినవాడిదే పెద్ద తప్పు!

ఇక నుంచి రాసుకునే పద్ధతి

వంటింట్లో తేదీల క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్ను. ఇంతే. రోజూ టిక్కు పెట్టే పద్ధతి మేం ఇదివరకు చూశాం, పది రోజులు కూడా నిలవలేదు. టిక్కు లేని గడి కనిపిస్తే పాలు రాలేదో, టిక్కు మర్చిపోయామో తెలియదు. అందుకని ఇప్పుడు వాడికకు తేడా వచ్చిన రోజే రాస్తున్నాం. ఖాళీ గడి అంటే లీటరు. రాకపోతే "0", లీటరు ఎక్కువైతే "+1", అర లీటరే పోయించుకుంటే "−½". ధర మారిన తేదీ గడిలో కొత్త ధర వేస్తాం. నెలాఖరున రోజుల సంఖ్యలోంచి ఒక్కో "0"కు ఒకటి చొప్పున తీసేసి, "+" ఉన్నవి కలిపి, "−" ఉన్నవి తీసేస్తే చాలు.

ఇందులో ఒక చిక్కుంది. నాగా రాయడం మర్చిపోతే ఆ గడి లీటరుగానే లెక్కకొస్తుంది, నష్టం మనకే. అందుకే పొయ్యి మీద పాలగిన్నె పెట్టేవాళ్లే రాయాలి, సాయంత్రం గుర్తుచేసుకుని కాదు. 15న ఒకసారి క్యాలెండర్ ఫొటో పాలాయన వాట్సాప్‌కు పంపుతాం. తేడా ఉంటే అప్పుడే చెబుతాడు, వారం కిందటి సంగతి ఇద్దరికీ గుర్తుంటుంది.

డబ్బు పూర్తిగా ఇవ్వకపోతే మిగిలింది వచ్చే నెల 1వ తేదీ గడిలో "బాకీ 308" అని ఆయన ముందే రాయండి. దాన్ని పాల లెక్కలో కలపకుండా చివర్లో వేరుగా కలపాలి.

పేపరు బిల్లుకూ ఇదే క్యాలెండర్ సరిపోతుంది. కాకపోతే ఆదివారం ధర వేరుగా ఉంటే నెలలో ఆదివారాలు నాలుగా ఐదా అని ముందు లెక్కపెట్టండి. పండగ మర్నాడు పేపరు రాని రోజుకు "0" వేయండి.