డిగ్రీల్లో భాగించి దెబ్బతిన్నా

కావలి దగ్గర రొయ్యపిల్లల హ్యాచరీలో చిన్న ట్యాంకు నీటిమట్టం నిమిషానికోసారి ఊగుతూ, ఊపు పెంచుకుంటోంది. ట్యాంకే ఇంటిగ్రేటర్, వాల్వ్ టైమ్ కాన్‌స్టంట్ 10 సెకన్లు, ఆలస్యం కలపని ఓపెన్ లూప్ ఇదీ:

```
L(s) = 0.1414 / (s(1+10s))
```

గెయిన్ క్రాసోవర్ 0.1 rad/s. అక్కడ ఇంటిగ్రేటర్ 90°, వాల్వ్ 45° వెనక్కి లాగితే ఫేజ్ మార్జిన్ 45° మిగిలింది. మార్జిన్‌ను క్రాసోవర్‌తో భాగిస్తే లూప్ ఎంత ఆలస్యాన్ని తట్టుకుంటుందో తెలుస్తుంది కదా, నేను 45ని 0.1తో భాగించి, 450 సెకన్ల ఆలస్యాన్నైనా తట్టుకుంటుందని ధీమాగా కూర్చున్నా. రేడియన్లలోకి మార్చాలన్న సంగతే మర్చిపోయా! 0.785/0.1 అంటే 7.85 సెకన్లే. సెన్సర్ రీడింగేమో 9 సెకన్లు ఆలస్యంగా వస్తోంది. ఊగే పీరియడ్ 2π/0.1, అంటే 63 సెకన్లకు దగ్గరగా ఉన్నప్పుడే అనుమానించాల్సింది.

గెయిన్ సగం చేశా. క్రాసోవర్ 0.0605కి దిగింది, మార్జిన్ 58.8°, అంటే 1.027 రేడియన్లకు పెరిగింది. భాగిస్తే 17 సెకన్లు. మట్టం కుదురుకుంది, కాకపోతే నింపడం కాస్త నెమ్మదించింది.