ఫౌండేషన్‌లో పాసు మార్కు వేరు, డిగ్రీలో చేర్చే మార్కు వేరు

కిందటి జూలైలో పలాస వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా వంటగదిలో కూర్చుని తన మార్కుల జాబితా నా ముందు పెట్టాడు. గణితంలో 59 వచ్చింది. "పాసయ్యాను కదన్నయ్యా, మరి ఇంజినీరింగ్‌లో సీటు ఇవ్వలేమంటున్నారేమిటి?" అని అడిగాడు. ఇంటర్ ఎంపీసీలో మార్కులు చాలక నేరుగా డిగ్రీలో చేరలేక, బ్రిటన్‌లో ఫౌండేషన్ ఏడాదికి వచ్చిన మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లల్లో ఈ ప్రశ్న అడిగిన మొదటివాడు ఇతడు కాడు. టిక్కెట్లూ, దుప్పట్లూ, పచ్చళ్ల సంగతి మీకు ఎవరైనా చెబుతారు కనుక నేను ఈ ఒక్క విషయమే చెబుతాను.

మీ ఆఫర్ లెటర్‌ను విశాఖలోని కన్సల్టెన్సీ వారు మీ చేతికిచ్చినప్పుడు మీరు చూసినది మొదటి పేజీలోని విశ్వవిద్యాలయం పేరు. చూడవలసినది లోపల ఎక్కడో ఉండే నాలుగు వరుసలు. ఫౌండేషన్‌లో ఒక మాడ్యూల్ పాసు కావడానికి సాధారణంగా 40 చాలు. కాని డిగ్రీ మొదటి సంవత్సరంలోకి పంపడానికి వారు అడిగే మార్కు వేరుగా ఉంటుంది. మా కుర్రవాడి లెటర్‌లో మొత్తం మీద 60, ఇంగ్లిషులో 60, గణితంలో ప్రత్యేకంగా 65 అని రాసి ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ కోర్సులో చేరే హక్కు పోతుంది. ఈ అంకెలు కాలేజీని బట్టీ, కోర్సును బట్టీ మారతాయి కనుక పక్క గదిలోని మిత్రుడి అంకెలను మీవనుకోకండి.

ఇప్పుడు 59 ఎలా వచ్చిందో చూడండి. వాడి గణితం మాడ్యూల్‌లో నవంబరు పరీక్షకు 20 శాతం, ఫిబ్రవరిలో ఇంటి వద్ద చేసి ఇచ్చే పనికి 20 శాతం, జూన్ పరీక్షకు 60 శాతం బరువు. నవంబరు నాటికి వాడు చదివినదేమీ లేదు. కారణం సోమరితనం కాదు, ధీమా. పాఠ్యాంశాలన్నీ అవకలనం, సమాకలనం, మాత్రికలు, అంటే ఇంటర్‌లో వాడు ఇదివరకే రుబ్బినవి. అయితే ఇక్కడ జవాబు ఒక్కటే సరిపోదు, ప్రతి మెట్టూ రాసి, ఎందుకు ఆ మెట్టు వేశామో ఒక వాక్యంలో చెప్పాలి. వాడికి 35 వచ్చింది. ఫిబ్రవరిలో 50 వచ్చింది. 35లో 20 శాతం 7, 50లో 20 శాతం 10, కలిపి 17. ఇక 65 చేరాలంటే జూన్ నుంచి 48 రావాలి, అంటే ఆ పరీక్షలో నూటికి 80 తెచ్చుకోవాలి. వాడు 70 తెచ్చుకున్నాడు. ఇక్కడి లెక్కలో అది చాలా మంచి మార్కు. కాని 42కు 17 కలిపితే 59 మాత్రమే అయింది.

మన ఇంటర్‌లో చదువంతా మార్చి పరీక్ష చుట్టూ తిరుగుతుంది. మొదటి సంవత్సరంలో మార్కులు తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చన్న ధైర్యం ఉంటుంది. ఆ అలవాటే ఇక్కడ మనల్ని ముంచుతుంది. వాడి కాలేజీ నియమం ఏమిటంటే, తప్పినవారికి మాత్రమే మళ్లీ పరీక్ష, అందులో ఎంత బాగా రాసినా మాడ్యూల్‌కు 40కి మించి వేయరు. 59 వచ్చినవాడు తప్పలేదు కనుక వాడికి మళ్లీ రాసే అవకాశమే లేదు. ఇంకో మాటలో చెప్పాలంటే, 39 వచ్చినవాడికి తలుపు తెరుస్తారు గాని 40 దాటనివ్వరు, 59 వచ్చినవాడికి ఆ తలుపే లేదు. కొన్ని కాలేజీలు దీన్ని సడలిస్తాయి. మీ కాలేజీ ఏమంటుందో విద్యార్థి నియమావళిలో మళ్లీ పరీక్షల అధ్యాయంలో ఉంటుంది, మొదటి వారంలోనే చదవండి. జూన్‌లో చదివి ప్రయోజనం లేదు, ఈ మాట నేను ఎందరికి చెప్పానో నాకే గుర్తు లేదు.

వాడి కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఫౌండేషన్ కాలేజీ వారే 55 అడిగే మరో విశ్వవిద్యాలయంలో సీటు చూపించారు. కాని ఫౌండేషన్‌కు ఇచ్చిన వీసా డిగ్రీకి పనికిరాలేదు. కొత్త సంస్థ ఇచ్చే క్యాస్ అనే సంఖ్యతో వేరే వీసా పెట్టుకోవాలి. ఆరు నెలలకు తక్కువ కాకుండా, ఏడాది లోపు ఉండే కోర్సుకు వీసా కోర్సు ముగిశాక రెండు నెలలు నడుస్తుంది. వాడి కోర్సు జూన్ 13న, వీసా ఆగస్టు 13న ముగిశాయి. ఇక్కడే ఉండి దరఖాస్తు చేయాలంటే కొత్త కోర్సు పాత వీసా ముగిసిన 28 రోజుల లోపల మొదలు కావాలి. వాడిది సెప్టెంబరు 22న మొదలవుతుంది, అంటే 40 రోజులు. అందువల్ల వాడు పలాసకు తిరిగి వెళ్లి అక్కడి నుంచి దరఖాస్తు చేయవలసి వచ్చింది.

తిరిగి వెళ్లడం ఖర్చే గాని అవమానం కాదు. అసలు ఇబ్బంది డబ్బు చూపించడంలో వచ్చింది. చెల్లించని మొదటి ఏడాది ఫీజూ, తొమ్మిది నెలల వరకు ఖర్చులూ ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. జీడిపప్పు వ్యాపారం చేసే వాళ్ల నాన్నగారు బంధువుల దగ్గర సర్దుబాటు చేసి వేసిన సొమ్ములో కొంత పన్నెండో రోజున సరుకు కోసం తీశారు. నిల్వ కావలసినదానికంటే తగ్గిపోయింది కనుక లెక్క మళ్లీ మొదటి నుంచి. బ్యాంకు విద్యా రుణం మంజూరు లేఖ ఉంటే ఈ 28 రోజుల నియమం వర్తించదు, కాబట్టి రుణం తీసుకునే ఇళ్లవారు ఫౌండేషన్‌కూ డిగ్రీకీ కలిపి ముందే మాట్లాడుకోవడం తెలివైన పని.

పనుల మాట కూడా ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. డిగ్రీ పిల్లలకు వారానికి 20 గంటలు అని విని వచ్చారు గదా, ఫౌండేషన్ డిగ్రీ స్థాయికి కిందిది కనుక మీకు తరగతులు జరిగే కాలంలో గరిష్ఠంగా 10 గంటలే, కొన్ని ప్రైవేటు కాలేజీల్లో చదివేవారికి అసలు లేవు. వీసా షరతుల్లో ఏముందో చూడకుండా రాత్రి పనికి వెళ్లిన ఇంకొకడిని నేను ఎరుగుదును, వాడు వెళ్లిన కారణంగా నవంబరు పరీక్షకు నిద్రకళ్లతో కూర్చున్నాడు కూడా.

ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. ఈ అంకెలు చూసి మీరు బెంబేలెత్తవలసిన పని లేదు. ఇంటర్‌లో 900 చూసిన కళ్లకు 62 తక్కువగా కనిపిస్తుంది గాని, ఇక్కడి డిగ్రీలో 70 దాటితే మొదటి శ్రేణి. నా మొదటి వ్యాసానికి 32 వచ్చింది. ఆ రాత్రి రాజాం వెళ్లే బస్సు ఎక్కుతున్నట్టు కల వచ్చింది, లేచి చూస్తే బయట వాన. మరునాడు ఆ పేపరు పట్టుకుని ఉపాధ్యాయుడి గదికి వెళ్లి, ఎక్కడ తగ్గాయో ఒక్కొక్క వరుస అడిగి తెలుసుకున్నాను. ఆ మాడ్యూల్ చివరికి 61తో బయటపడింది, కావలసినది 60. మా పలాస కుర్రవాడు సెప్టెంబరు 20న తిరిగి వచ్చాడు. తరగతులు మొదలయ్యే ముందు వాడు అడిగిన మొదటి ప్రశ్న, ఈ డిగ్రీలో నవంబరు పరీక్షకు ఎంత శాతం బరువన్నది.