ఒకే చీర వివరణ ఇన్‌స్టాలోనూ లిస్టింగ్‌లోనూ పెడితే: సమస్య - పరిష్కారం

మంగళగిరి కాటన్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లలో చాలామంది ఒక్క వివరణ రాసుకుని, దాన్నే ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, మార్కెట్‌ప్లేస్‌లోనూ పెట్టేస్తారు. చోటు చాలకపోతే చివర కత్తిరిస్తారు, ఖాళీ మిగిలితే నాలుగు పొగడ్తలు కలుపుతారు. తేడా కొట్టేది అక్కడే. క్యాప్షన్ చూసే మనిషి వేలితో స్క్రీన్ తోసుకుంటూ పోతున్న మనిషి. ఆగి చూడాలా వద్దా అన్నదొక్కటే ఆమె తేల్చుకోవాలి. లిస్టింగ్ తెరిచిన మనిషి డబ్బు కట్టబోతున్న మనిషి. పార్సిల్ విప్పితే చేతికి ఏం వస్తుందో ఆమెకు తెలియాలి.

ఈ వివరణ చూడండి. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు.

"మా నేతన్నలు మంగళగిరి మగ్గాల మీద ఎంతో శ్రద్ధగా నేసిన స్వచ్ఛమైన కాటన్ చీర. ఆకర్షణీయమైన పసుపు రంగు, మెరిసే జరీతో నిజాం బోర్డర్. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. ఏ సందర్భానికైనా సరిపోతుంది. పొడవు 6.3 మీటర్లు. వివరాలకు మెసేజ్ చేయండి."

చదవడానికి బాగానే ఉంది. కింద చెప్పే ఇబ్బందులన్నీ మాత్రం దీన్నుంచే పుడతాయి.

సమస్య: లైకులు వస్తున్నాయి, కామెంట్లలో "రేటెంతండీ?", "బ్లౌజ్ ఉందా అక్కా?" తప్ప ఆర్డర్లు లేవు

కారణం వరుసలోనే ఉంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 క్యారెక్టర్ల దాకా రాయొచ్చు కానీ, ఫీడ్‌లో కనిపించేది మొదటి రెండు వరుసలే. మిగతాది చూడాలంటే more నొక్కాలి. రీల్ మీదైతే ఇంకా తక్కువ కనిపిస్తుంది. పై వివరణలో ఆ రెండు వరుసలూ నేతన్నల శ్రద్ధకే సరిపోయాయి. ఆ మాట నిజమే, కానీ ఏ చీర కిందైనా అదే మాట పెట్టొచ్చు. పక్క పేజీ వాళ్లూ అదే పెడతారు.

పరిష్కారం: ఫొటో చెప్పలేనిది మొదటి వరుసలో పెట్టండి. పసుపు రంగు ఫొటోలో కనిపిస్తూనే ఉంది, అది చెప్పడానికి చోటు ఖర్చు పెట్టొద్దు. బరువు, ధర, బ్లౌజ్ ముక్క ఫొటోలో కనిపించవు. జనం అడిగేదీ అవే.

"రోజంతా కట్టుకున్నా బరువనిపించని మంగళగిరి కాటన్. బ్లౌజ్ ముక్కతో కలిపి రూ. 1,850.

ఒళ్లంతా ప్లెయిన్, అంచుకి నిజాం బోర్డర్, పైటకి జరీ గీతలు. కొత్తలో గంజి బిరుసు ఉంటుంది, రెండు మూడు ఉతుకులకి మెత్తబడుతుంది.

కావాలంటే కామెంట్‌లో 'పసుపు' అని పెట్టండి, లింక్ మెసేజ్‌లో పంపిస్తాం."

లింక్‌ని నేరుగా క్యాప్షన్‌లో ఎందుకు పెట్టలేదంటే, పోస్టు క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు. దాన్ని బయోలో పెట్టాలి, లేదా మెసేజ్‌లో పంపాలి. తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిన్న సంగతి. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు క్యారెక్టర్లు. అందుకని క్యారెక్టర్ల లెక్క నమ్ముకోకుండా, పోస్టు పెట్టాక ఇంకో ఫోన్‌లో తెరిచి, ధర more కి ముందే కనిపిస్తోందో లేదో చూసుకోవడం మేలు.

ధర రాస్తే పోటీవాళ్లు చూస్తారని కొందరు దాస్తారు. పోటీవాళ్లు మెసేజ్ పెట్టి కూడా కనుక్కోగలరు. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేది కొనేవాళ్లే.

సమస్య: లిస్టింగ్‌లో బాగానే అమ్ముడవుతోంది, కానీ చీరలు తిరిగొస్తున్నాయి

ముందుగా సెల్లర్ ప్యానెల్‌లో రిటర్న్ కారణాలు తెరిచి, కొన్నవాళ్లు రాసిన మాటలు యథాతథంగా చదవండి. ఈ రకం చీరకి మామూలుగా వచ్చేవి: "గరుకుగా ఉంది", "జరీ అసలుది కాదు", "రంగు వేరే వచ్చింది", "పొడవు తక్కువ". పై వివరణ పక్కన పెట్టి చూస్తే ప్రతి ఫిర్యాదుకీ అందులో ఒక మాట దొరుకుతుంది. మెత్తగా అన్నారు, గరుకుగా వచ్చింది. మెరిసే జరీ అన్నారు, ఆమె పట్టుచీర జరీని ఊహించుకుంది. 6.3 మీటర్లన్నారు, ఆమె కొలిస్తే కట్టుకునే చీర 5.5 మీటర్లే ఉంది.

అంటే చీరలో లోపం లేదు. క్యాప్షన్‌కి పనికొచ్చే మాటలు లిస్టింగ్‌లోకి వచ్చి కూర్చున్నాయి. 'మెత్తగా' అనేది మన అభిప్రాయం, చదివే మనిషి దాన్ని హామీగా తీసుకుంటుంది.

పరిష్కారం లిస్టింగ్ రాయడంతో మొదలవదు. చీరని టేబుల్ మీద పరిచి, టేపు పట్టుకుని, ఒక వివరాల కాగితం తయారు చేసుకోవాలి. అందులో పొగడ్త ఒక్కటి కూడా ఉండకూడదు. మన చీరకి అది ఇలా ఉంటుంది:

- నూలు: 80 కౌంటు కాటన్, చేమగ్గం నేత
- చీర 5.5 మీటర్లు, దానికే కలిసి ఉన్న బ్లౌజ్ ముక్క 0.8 మీటర్లు, మొత్తం 6.3
- రంగు: ఆవపిండి పసుపు, అంచు మెరూన్
- జరీ: టెస్టెడ్ జరీ, బోర్డర్‌లోనూ పైట గీతల్లోనూ మాత్రమే
- గంజి పెట్టి ఉంది
- మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో, నీడలో ఆరబెట్టాలి

జరీ ఏ రకమో మీకు తెలియకపోతే నేసినవాళ్లని అడిగి రాయండి, ఊహించొద్దు. 'చేనేత' అనే మాట కూడా అంతే. మరమగ్గం మీద నేసిన చీరకి ఆ మాట తగిలిస్తే మొదట పోయేది మీ పేరే. మంగళగిరి చీరలకీ బట్టలకీ భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, ఆ ప్రాంతం బయట నేసినదాన్ని ఆ పేరుతో అమ్మితే చట్టంతో కూడా చిక్కు.

ఇప్పుడు ఈ కాగితం నుంచి లిస్టింగ్ రాయాలి. ఒక్కో వివరానికీ కొనే మనిషికి వచ్చే అనుమానం తోడు పెడితే చాలు, లిస్టింగ్ దానంతట అదే పొడవవుతుంది. పొగడ్తలతో నింపాల్సిన పని ఉండదు.

"చీర 5.5 మీటర్లు, మామూలు ఎత్తున్నవాళ్లకి కుచ్చిళ్లతో సరిపోతుంది. 0.8 మీటర్ల బ్లౌజ్ ముక్క చీర చివరే కలిసి ఉంటుంది, కత్తిరించుకోవాలి.

గంజి పెట్టి పంపిస్తున్నాం కాబట్టి కొత్తలో బట్ట బిరుసుగా ఉంటుంది. రెండు మూడు ఉతుకుల తర్వాత మెత్తబడుతుంది. మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతకండి, మెరూన్ అంచు కొంచెం రంగు వదలొచ్చు.

బోర్డర్‌లో వాడింది టెస్టెడ్ జరీ, వెండి జరీ కాదు. చేమగ్గం మీద నేసింది కాబట్టి అక్కడక్కడా దారం ముడి కనిపించవచ్చు, అది చిరుగు కాదు.

రంగు ఆవపిండి పసుపు. నాలుగో ఫొటో పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీసింది, రంగుకి దాన్నే చూడండి."

'వెండి జరీ కాదు' అని రాస్తే అమ్మకం పోతుందేమోనని టెన్షన్ పడతారు. వెండి జరీ కావాలనుకున్న మనిషి ఎలాగూ వెనక్కి పంపిస్తుంది. అప్పుడు రాను పోను కొరియర్ భారం చాలాసార్లు మీ మీదే పడుతుంది, విప్పి మడతపెట్టిన చీర కొత్తదిగా అమ్ముడుపోదు.

ఇవన్నీ రాసినా "రంగు వేరే" అనే ఫిర్యాదు పూర్తిగా ఆగదు. ఒక్కో ఫోన్ స్క్రీన్ ఒక్కోలా చూపిస్తుంది, దానికి మాటలతో మందు లేదు. ఆ ఒక్క కారణంతోనే చీరలు తిరిగొస్తుంటే రాతని వదిలేసి ఫొటోలు మార్చండి.

సమస్య: వెతికితే మన లిస్టింగ్ కనిపించట్లేదు

ఎక్కువసార్లు క్యాప్షన్‌లోని ముద్దుపేరు టైటిల్‌లోకి రావడమే కారణం. 'పసిడి వెన్నెల' అని ఇన్‌స్టాలో పేరు పెట్టుకోవచ్చు, బాగుంటుంది కూడా. సెర్చ్ పెట్టెలో ఆ పేరు ఎవరూ కొట్టరు. కొనేవాళ్లు తెలుగువాళ్లే అయినా అక్కడ ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు. కాబట్టి టైటిల్ వరకు వాళ్లు కొట్టే మాటలే, ఈ వరుసలో పెట్టండి: ఏ ఊరి నేత, ఏ బట్ట, ఏ వస్తువు, బ్లౌజ్ ఉందా, గుర్తు పట్టే అంచు, రంగు.

```
Mangalagiri Cotton Handloom Saree with Blouse Piece, Nizam Zari Border, Mustard Yellow
```

టైటిల్ సరిచేసినా కనిపించకపోతే, బట్ట, రంగు, నేత, బ్లౌజ్ అని విడివిడిగా అడిగే గడులు ఖాళీగా ఉన్నాయేమో చూడండి. కొనే మనిషి ఫిల్టర్‌లో కాటన్ అని నొక్కినప్పుడు, ఆ గడి ఖాళీగా ఉన్న చీర జాబితాలోంచి జారిపోవచ్చు. వివరణలో పదిసార్లు కాటన్ అని రాసినా దానికి బదులు కాదు. వివరాల కాగితం ఉంటే ఈ గడులు నింపడం పది నిమిషాల పని.

సమస్య: లిస్టింగ్ రిజెక్ట్ అయింది

"వివరాలకు మెసేజ్ చేయండి" అనే వాక్యాన్ని ముందు తీసేయండి. ఫోన్ నంబరు, వాట్సాప్, ఇన్‌స్టా పేజీ పేరు, ఎమోజీలు, 'ఈ వారమే ఆఫర్' లాంటివి క్యాప్షన్‌లో సహజం. కొనేవాళ్లని బయటికి పంపే రాతని మార్కెట్‌ప్లేస్‌లు ఒప్పుకోవు. ఫొటో మీద వాటర్‌మార్క్‌గా వేసిన నంబరు కూడా అందులోకే వస్తుంది. అది చాలామంది మర్చిపోతారు.

సమస్య: "ఇన్‌స్టాలో ఒకటి రాశారు, ఇక్కడ ఇంకొకటి ఉంది" అని నిలదీస్తున్నారు

రెండు రాతలనీ వేర్వేరు రోజుల్లో వేర్వేరుగా దిద్దడం వల్ల ఇది వస్తుంది. క్యాప్షన్‌లో 6.3 మీటర్లు, లిస్టింగ్‌లో 5.5 మీటర్లు అని ఉంటే రెండూ నిజమే, అయినా చదివేవాళ్లకి మోసంలా కనిపిస్తుంది. ఎక్కడ రాసినా 'చీర 5.5 + బ్లౌజ్ 0.8' అనే రూపంలోనే రాస్తే ఈ గొడవ రాదు.

క్యాప్షనే కదా, కొంచెం ఎక్కువ చేసి రాస్తే ఏమవుతుందని అనుకోవద్దు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే సెల్లర్ దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. క్యాప్షన్ చూపించి "మీరే ప్యూర్ జరీ అన్నారు" అంటే, లిస్టింగ్‌లో సరిగ్గానే రాశామన్న జవాబు నిలవడం కష్టం.

ధర తేడాకి మాత్రం న్యాయమైన కారణం ఉండొచ్చు. మార్కెట్‌ప్లేస్ కమిషన్ కలిపితే అక్కడ రూ. 2,150 పెట్టాల్సి రావచ్చు. అలాంటప్పుడు క్యాప్షన్‌లో 'మా దగ్గర నేరుగా కొంటే' అన్న నాలుగు మాటలు ధర ముందు చేర్చండి. ఏదైనా మారితే మొదట వివరాల కాగితంలో దిద్ది, తర్వాత లిస్టింగ్, ఆ తర్వాత క్యాప్షన్ దిద్దండి. పాత పోస్టుల్లో క్యాప్షన్ ఎడిట్ చేయొచ్చు గానీ, రీల్ వీడియో మీద అచ్చు వేసిన ధరని మార్చలేరు. అందుకే ధరని వీడియో మీద వేయకుండా క్యాప్షన్‌లోనే ఉంచండి.