ఫ్లాస్కులోకి వేడి ఏ దారిన చేరుతోందో ఐసుముక్కలతో తేల్చడం ఎలా?

స్టీలు ఫ్లాస్కు రెండు గోడల నడుమ గాలి తీసేసిన ఖాళీలో వేడి దాదాపుగా వికిరణం ద్వారానే దాటుతుంది. ఆ గోడలు కలిసే మెడ దగ్గర మాత్రం స్టీలు వెంబడి వహనంగా నడిచి వస్తుంది. ఏ దారి పెద్దదో తెలుసుకోవడానికి వేడినీళ్లు పనికిరావు, ఎందుకంటే ఆవిరి పైకి లేచి మెడ లోపలి గోడపై ద్రవమై ఆ భాగాన్నీ వేడెక్కించి లెక్కను చెడగొడుతుంది. ఐసుతో ఆ చిక్కు లేదు, థర్మామీటరూ అక్కర్లేదు. తిరుపతిలో గది వేడి 40 డిగ్రీలను తాకే మే నెల మధ్యాహ్నాలు ఇందుకు బాగా సరిపోతాయి.

ముందుగా లీటరు ఫ్లాస్కులో పగలగొట్టిన ఐసు నింపి, ఫ్రీజరు చలి వదిలి ముక్కలు తడిగా మెరిసే దాకా అరగంట ఆగాలి. కరిగిన నీటిని వంపేసి, మూత లేకుండా వంటింటి తూకంపై బరువు చూడాలి. తర్వాత వేరే గిన్నెలో ఐసు వేసి చల్లబరిచిన నీటిని అంచు దాకా పోసి, మూత బిగించి 6 గంటలు వదిలేయాలి.

తెరిచే ముందు ఫ్లాస్కును నిమిషం పాటు మెల్లగా ఊపడం మరవకూడదు. 4 డిగ్రీల నీరు 0 డిగ్రీల నీటి కంటే బరువు కాబట్టి అడుగున చేరి, లోపలికి వచ్చిన వేడిలో కొంత దాచుకుంటుంది. ఊపితే ఆ వేడి కూడా ఐసునే కరిగిస్తుంది. ఇప్పుడు నీటిని వంపి మళ్లీ తూచాలి. తగ్గిన ప్రతి గ్రాముకు 334 జౌళ్ల వేడి లోపలికి వచ్చినట్లు.

మరునాడు అదే వేళకు, ఐసూ నీరూ అంచుకు 4 సెంటీమీటర్లు కిందనే ఉండేలా మళ్లీ చేయాలి. చల్లటి బరువైన గాలి కదలకుండా ఆ ఖాళీలో నిలుస్తుంది కాబట్టి, వేడి నడవాల్సిన స్టీలు దారి మాత్రమే పొడవవుతుంది.

ఉదాహరణకు 5 సెంటీమీటర్ల వ్యాసం, 0.4 మిల్లీమీటర్ల మందం, 3 సెంటీమీటర్ల పొడవు ఉన్న మెడ గుండా దాదాపు 1.26 వాట్లు వస్తాయి. లోపలి గోడకు రాగి రేకు చుట్టి ఉంటే ఖాళీ గుండా వికిరణం 0.3 వాట్లకు మించదు. మొత్తం 6 గంటల్లో సుమారు 100 గ్రాములు కరుగుతుంది. మట్టం తగ్గించినప్పుడు 55 గ్రాముల దరిదాపుల్లో రావాలి. మూత గుండా వచ్చేది ఈ లెక్కలో లేదు కనుక మీ అంకెలు కాస్త ఎక్కువే ఉంటాయి. చూడాల్సింది రెండింటి మధ్య తేడానే.

తేడా ఇలా పెద్దదైతే మెడే ప్రధాన దారి. రెండుసార్లూ ఇంచుమించు సమానంగా, ఎక్కువగా కరిగితే తప్పు ఖాళీలోనే ఉంది. 6 గంటలకు ఐసంతా నీరై, ఫ్లాస్కు ఒళ్లంతా బయట చెమర్చిందంటే, గోడల మధ్యకు గాలి చేరిపోయింది. దాన్ని ఇంట్లో బాగుచేయలేం.