మాస్కాట్ బొమ్మకి డైలాగ్ కంటే ముందు రూల్ రాయండి

పలాసలో జీడిపప్పు అమ్మే షాపుకి 'జీడి మావ' అనే బొమ్మ క్యారెక్టర్ చేస్తున్నారనుకోండి. చాలామంది బొమ్మ గీయించి, ఊతపదం పెట్టేసి షూట్‌కి వెళ్లిపోతారు. నాలుగో షార్ట్ వీడియోకి మావ ఓసారి జోకర్, ఓసారి ఆఫర్లు చదివే అనౌన్సర్ అయిపోతాడు.

ముందు ఒక్క కాగితం మీద మూడు సంగతులు రాయండి. మావకి ఏం కావాలి? పప్పు గుండుగా ఉండాలి, ఏదీ విరక్కూడదు. ఏం చెయ్యడు? ధర చెప్పడు, ఎవర్నీ వెక్కిరించడు. ధర స్క్రీన్ మీద అక్షరాల్లో వస్తే చాలు. ఊతపదం ఎప్పుడు అంటాడు? ఏదైనా విరిగినప్పుడే: "ఇరిగిందా? నానొప్పను బావూ!"

ఈ మూడోదే అసలు కీలకం. ఊతపదాన్ని మొదట్లోనే అనిపిస్తే అది వట్టి నినాదం. కథలో ఏదో విరిగాక అంటే జనం దానికోసం ఎదురుచూస్తారు. సంక్రాంతి షార్ట్ చూడండి: పండక్కి వస్తానన్న అల్లుడు ఫోన్ చేసి సెలవు దొరకలేదంటాడు. మావ చేతిలో గుండు పప్పు పట్టుకుని కాసేపు ఆగి, "మాట ఇరిగిందా? నానొప్పను బావూ!" అంటాడు. ముందు మాట మారింది, మనిషి మారలేదు. చివరి రెండు పదాలు మాత్రం ఎప్పుడూ మార్చకండి, యాసని 'నేను ఒప్పుకోను' అని దిద్దకండి. గొంతు కూడా ఒక్కరిదే ఉండాలి.

స్క్రిప్టు అయ్యాక పేర్లు చెరిపేసి ఇంకొకరితో చదివించండి. మావ మాటలేవో వాళ్లు పోల్చలేకపోతే మళ్లీ రాయాల్సిందే.