ఫలితం నుంచి వెనక్కి లెక్కేసే బడ్జెట్ – 3వ పాఠం: జిల్లా బీపీ మందుల పద్దు

గత రెండు పాఠాల్లో ఖర్చు, చేసిన పని, వచ్చిన ఫలితం అనే మూడింటిని విడదీసి చూడటం నేర్చుకున్నాం. క్యాంపు పెట్టడం పని. ఆ క్యాంపులో బీపీ ఉన్నట్టు బయటపడిన మనిషికి ఏడాది చివరికి అది అదుపులో ఉండటం ఫలితం. కేంద్ర ప్రభుత్వం 2005లోనే మొదటి ఫలితాల బడ్జెట్ పత్రాన్ని పార్లమెంటు ముందు పెట్టింది. అయినా జిల్లా స్థాయిలో చాలాచోట్ల ఇప్పటికీ పోయిన ఏడాది ఖర్చు మీద 10 శాతం కలిపి పంపడమే జరుగుతుంది. ఈ పాఠంలో ఒక్క బీపీ కార్యక్రమాన్ని తీసుకుని, ఫలితం నుంచి రూపాయల దాకా వెనక్కి వద్దాం.

బీపీని ఎంచుకోవడానికి కారణం ఉంది. పక్షవాతం, గుండెపోటు మరణాలు తగ్గాయో లేదో ఒక్క బడ్జెట్ ఏడాదిలో తేలదు. బీపీ 140/90 లోపు ఉందా లేదా అన్నది మాత్రం మూడు నెలలకోసారి రిజిస్టరులో కనిపిస్తుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా 2025 నాటికి బీపీ ఉన్నట్టు తెలిసినవాళ్లలో 80 శాతం మందికి అది అదుపులో ఉండాలని లక్ష్యం పెట్టింది. అదే ఏడాది చివర్లో ఐసీఎంఆర్, డబ్ల్యూహెచ్‌ఓ, కేంద్ర, రాష్ట్ర ఆరోగ్య శాఖలు కలిసి భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదటి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. రోగులను పేరుపేరునా నమోదు చేసి, ప్రతి మూడు నెలలకీ ఫలితం చూసే పద్ధతి ఆ కార్యక్రమంలో ఉంది. మనకు కావలసిన లెక్కలన్నీ దాంట్లోంచే వస్తాయి.

ఇక జిల్లా. ఇది సాధన కోసం ఊహించుకున్న జిల్లా, అంకెలూ ధరలూ ఊహించినవే. మీ జిల్లా అంకెలు పెట్టుకుని ఇదే వరసలో చేయండి.

జనాభా 20 లక్షలు. 30 ఏళ్లు దాటినవాళ్లు 10 లక్షలు. వాళ్లలో 30 శాతానికి బీపీ ఉంటుందనుకుంటే 3 లక్షల మంది. రిజిస్టర్లలో ఉన్నది 90,000 మంది. ఈ 90,000 మందిని చివరి త్రైమాసికం రికార్డు చూసి మూడు గుంపులుగా విడదీయండి. వచ్చారు, బీపీ అదుపులో ఉంది: 36,000. వచ్చారు కానీ అదుపులో లేదు: 18,000. అసలు రాలేదు: 36,000.

బడ్జెట్‌కి చేయి పెట్టేముందు ఈ మూడు అంకెల దగ్గర కాసేపు ఆగండి. నా అనుభవంలో మొత్తం కసరత్తులో విలువైన భాగం ఇదే. ఈ జిల్లాకి అసలు కష్టం కొత్త రోగులను వెతకడంలో కాదు, దొరికినవాళ్లు మధ్యలో మానేయడంలో ఉంది. ఎందుకు మానేశారో పోయిన ఏడాది ఖర్చు పట్టీ చెప్పదు. అందులో మందులకు 80 లక్షలు, స్క్రీనింగ్ క్యాంపులకు 60 లక్షలు అని మాత్రమే ఉంటుంది. క్యాంపుల డబ్బు పూర్తిగా ఖర్చయింది కాబట్టి, 10 శాతం కలిపే పద్ధతిలో దానికి 66 లక్షలు వస్తాయి. మందులకు 88 లక్షలు వస్తాయి. మొత్తం 154 లక్షలు, సంతకానికి సిద్ధం.

ఇప్పుడు ఈ-ఔషధి లాంటి స్టాక్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక్కో పీహెచ్‌సీలో బీపీ మందు ఆమ్లోడిపిన్ నిల్వ సున్నాకి పడిన రోజులు లెక్కపెట్టండి. మన జిల్లాలో చాలా పీహెచ్‌సీల్లో ఏడాదికి మూడు నెలలు మందు లేదనుకుందాం. అంటే 80 లక్షలు అవసరానికి కొలత కాదు, మందు లేని నెలలు కూడా అందులో కలిసిపోయి ఉన్నాయి. మందు లేక ఖర్చు తగ్గింది, ఖర్చు తగ్గిందని కేటాయింపు తగ్గింది, కేటాయింపు తగ్గి మళ్లీ మందు లేకుండా పోయింది. పోయిన ఏడాది ఖర్చును ఆధారం చేసుకున్నంత కాలం ఈ గొలుసు తెగదు. ఆర్థిక విభాగం వాళ్లు "పోయినేడు ఎంత ఖర్చయింది?" అని అడిగినప్పుడు, ఆ అంకె పక్కనే మందు లేని రోజుల సంఖ్య రాసి పంపండి.

ఇక లక్ష్యం. ఏడాది చివరికి 60,000 మందికి బీపీ అదుపులో ఉండాలి. లక్ష్యాన్ని శాతంగా కాకుండా మనుషుల సంఖ్యగా రాయడానికి కారణం తర్వాత చెబుతాను. నమోదైనవాళ్లలో సగం మంది బీపీని అదుపులోకి తేగలం అనుకుంటే, 60,000 మందికి 1,20,000 మంది నమోదై ఉండాలి. అంటే కొత్తగా 30,000 మంది కావాలి. వాళ్లు ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా చేరతారు కాబట్టి, సగటున 1,05,000 మంది రిజిస్టరులో ఉంటారు. వాళ్లలో 75 శాతం మంది ప్రతి నెలా మందు తీసుకెళ్తారని పెట్టుకుంటే 78,750 మంది. రాకుండా పోయేవాళ్లు ఇప్పుడు 40 శాతం, దాన్ని 25కి దించాలి. ఇది మన లక్ష్యంలోనే దాగి ఉన్న ఇంకో లక్ష్యం, బడ్జెట్ నోట్‌లో విడిగా రాయాలి.

మందుల లెక్క చూద్దాం. అందరికీ రోజుకొక ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మాత్ర. దానితో అదుపు కాని 40 శాతం మందికి అదనంగా టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. రాష్ట్రాన్ని బట్టి చికిత్స వరస మారుతుంది, మీ రాష్ట్రం ప్రోటోకాల్‌లో ఏది ఉంటే అది వేసుకోండి. నెలకు 30 మాత్రల చొప్పున 12 రీఫిల్స్ అంటే ఒక్కొక్కరికి 360.

```
ఆమ్లోడిపిన్    78,750 × 360 × రూ.0.20 = 56.70 లక్షలు
టెల్మిసార్టాన్  31,500 × 360 × రూ.0.60 = 68.04 లక్షలు
మొత్తం                              124.74 లక్షలు
మూడు నెలల బఫర్ నిల్వ                + 31.19 లక్షలు
స్టోర్‌లో ఉన్న నిల్వ                  – 16.00 లక్షలు
కావలసింది                        సుమారు 140 లక్షలు
```

ఇక్కడ వేసిన ధరలు లెక్క కోసమే. మీ రాష్ట్ర వైద్య సేవల సంస్థ రేటు కాంట్రాక్టులో ఉన్న ధర వేయాలి. స్టోర్ నిల్వను తీసేసేటప్పుడు గడువు తేదీ కూడా చూడండి. రెండు నెలల్లో గడువు తీరే సరుకు కాగితం మీద నిల్వగా కనిపిస్తుంది కానీ ఏడాదికి పనికిరాదు.

మానేసినవాళ్లను తిరిగి తేవడానికి ఇంకో 25 లక్షలు కావాలి. 5,000 జనాభాకి ఒకటి చొప్పున 400 సబ్‌సెంటర్లకు డిజిటల్ బీపీ మిషన్లు, ఒక్కోటి 2,500 రూపాయలైతే 10 లక్షలు. మందు పీహెచ్‌సీలో కాకుండా సబ్‌సెంటర్‌లోనే చేతికందితే కూలీ పోగొట్టుకుని రావలసిన పని తప్పుతుంది. రాని 36,000 మందిలో సగం మందిని ఆశా కార్యకర్త వెనక్కి తెచ్చి బీపీ చూపిస్తే మనిషికి 50 రూపాయలు, అది 9 లక్షలు. మిగిలిన 6 లక్షలు ఏఎన్‌ఎంల శిక్షణకీ, మిషన్ల సరిచూపుకీ. క్యాంపుల పద్దు 60 నుంచి 25 లక్షలకు దిగుతుంది. కొత్తగా కావలసిన 30,000 మందిలో చాలామంది పీహెచ్‌సీ ఓపీకి వేరే జబ్బుతో వచ్చేవాళ్లే. 30 దాటిన ప్రతి ఒక్కరికీ ఓపీలో బీపీ చూస్తే టెంట్లు, మైకుల ఖర్చు లేకుండానే వాళ్లు దొరుకుతారు.

మొత్తం 190 లక్షలు. 10 శాతం కలిపిన 154తో పోలిస్తే ఎక్కువే. ఆర్థిక విభాగం తప్పకుండా తగ్గించమంటుంది. అప్పుడు అన్ని పద్దుల్లోనూ సమానంగా కోయకండి, ముఖ్యంగా బఫర్ నిల్వ జోలికి వెళ్లకండి. బఫర్ పోతే మందు లేని నెలలు మళ్లీ వస్తాయి. దానికి బదులు తక్కువ డబ్బుకి తగ్గ లక్ష్యాన్ని కూడా ముందే లెక్కేసి పెట్టుకోండి. కొత్త నమోదులు ఆపేసి, ఉన్న 90,000 మంది మీదే పనిచేస్తే మందులకు 118 లక్షలు, వెనక్కి తేవడానికి 25, క్యాంపులకు సున్నా, మొత్తం 143 లక్షలు. అదుపులో ఉండేవాళ్లు 45,000. పోయిన ఏడాది 140 లక్షలు ఖర్చుపెట్టి 36,000 మందిని అదుపులో ఉంచిన జిల్లా ఇది. నోట్ చివర రెండు వాక్యాలు చాలు: 190 లక్షలిస్తే 60,000 మంది, 143 లక్షలిస్తే 45,000 మంది. 143 ఇచ్చి 60,000 అడిగే అవకాశం అక్కడితో పోతుంది. ఇదే రెండు అంకెలు జిల్లా ఆరోగ్య ప్రణాళికలోనూ, అక్కడి నుంచి రాష్ట్రం కేంద్రానికి పంపే ప్రణాళిక అయిన పీఐపీలోనూ ఉండాలి. దానికి కేంద్రం ఇచ్చే ఆమోద పత్రం ఆర్‌ఓపీలో డబ్బు తగ్గి వస్తే లక్ష్యం గడిలో అంకె కూడా మార్చమని లిఖితంగా అడగండి. డబ్బు తగ్గి లక్ష్యం అలాగే ఉండిపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ భారం చివరికి ఏఎన్‌ఎం మీద పడుతుంది.

జీతాలను ఈ లెక్కలోకి తేలేదు. స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు జీతం లక్ష్యం చేరినా చేరకపోయినా ఇవ్వవలసిందే. ఫలితంతో ముడిపెట్టగలిగేది మందులు, పరికరాలు, ఫాలో-అప్ లాంటివే. జీతాలు కలిపేసి ఒక మనిషికి ఖర్చు ఇంత అని చూపిస్తే ఆ అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఇప్పుడు మనుషుల సంఖ్య గురించి. "నమోదైనవాళ్లలో 50 శాతం అదుపు" అని లక్ష్యం పెడితే దాన్ని చేరడానికి సులువైన దారి ఒకటుంది: రానివాళ్ల పేర్లు రిజిస్టరులోంచి తీసేయడం. మన జిల్లాలో రాని 36,000 మందిలో 18,000 మందిని తీసేస్తే, ఒక్కరికీ వైద్యం చేయకుండానే అదుపు 40 నుంచి 50 శాతానికి చేరుతుంది. సంఖ్యగా పెడితే ఈ దారి మూసుకుపోతుంది. ఇంకో దారి మాత్రం తెరిచే ఉంటుంది, అది రీడింగులు దిద్దడం. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒక పీహెచ్‌సీ రిజిస్టరులో పై బీపీ అంకెలన్నీ తీసి, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో గీయండి. 136, 138 దగ్గర పెద్ద గుట్ట, 142, 144 దగ్గర దాదాపు ఖాళీ కనిపిస్తే ఆ రిజిస్టరును నమ్మకండి. అన్నీ సున్నాతో ముగిస్తుంటే డిజిటల్ మిషన్ వాడటం లేదని అర్థం. ఆపైన 20 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి, వేరే ఊరి ఏఎన్‌ఎంతో మళ్లీ కొలిపించండి.

దొరికిన తప్పుకి మందుల నిధులు ఆపడం మాత్రం శిక్ష కాకూడదు. వెనకబడిన మండలానికి డబ్బు కోస్తే నష్టపోయేది అక్కడి రోగి. ఫలితం రానిచోట మూడు గుంపుల్లో ఏది పెరిగిందో చూసి, డబ్బు ఆ గుంపు వైపు మళ్లించాలి.

అభ్యాసం: ఒక మండలంలో నమోదైనవాళ్లు 3,000. అదుపులో 900, వచ్చినా అదుపులో లేనివాళ్లు 1,500, రానివాళ్లు 600. ఇక్కడ ఆశాల ప్రోత్సాహకానికి డబ్బు పెంచాలా, టెల్మిసార్టాన్‌కా, డాక్టర్ మందు మోతాదు పెంచుతున్నారో లేదో చూసే తనిఖీకా? ఏ పద్దుకి ఎంతో, ఎందుకో ఒక పేజీలో రాయండి. మందు నిల్వ ఉండి కూడా 1,500 మంది అదుపులోకి రాకపోతే మీ జవాబు ఎలా మారుతుందో కూడా రాయండి. 4వ పాఠాన్ని ఈ మండలం లెక్కతోనే మొదలుపెట్టి, నిధులు మూడు నెలలకోసారి విడుదల చేసేటప్పుడు ఏ అంకె చూడాలో చెప్పుకుందాం.